తెల్లబట్టలపై పసుపు మచ్చలు: కంపెనీవారికి వ్రాయవలసిన జాబు

హరిశ్చంద్రపురమునుండి మా చందాదారురాలగు నొక సోదరి గడచిన మాసమున మాకొక జాబు వ్రాసియున్నారు. బజారులోనికి క్రొత్తగా వచ్చిన బట్టలుతుకు లిక్విడ్ నొకదానిని ఆమె కొని వాడినారట. ఆరవేసిన బట్టలు ఎండిన పిదప చూడగా, మామగారి తెల్లపంచెలు మూడు, పిల్లల బడిచొక్కాలు రెండు, దుప్పటి యొకటి పసుపు మరకలతో చెడియున్నవట. అత్తగారు ఆమె చేతకానితనమని యన్నారు. అంగడివాడు మీ బోరునీటి గుణమనినాడు. భర్తగారు, పోనిమ్ము, ఆ సీసా పారవేయుమనినారు. "అమ్మా, తప్పు నాదా, నీటిదా, మందుదా? మందుదే యైనచో కంపెనీవారికి ఎట్లు వ్రాయవలెను?" అని ఆమె ప్రశ్న.

ఆ సీసాను పారవేయవద్దని మేము వెంటనే తెలియజేసితిమి. అందులో మిగిలినది మందు మాత్రమే కాదు, సాక్ష్యము కూడ. మూత గట్టిగా బిగించి, ఎండ తగులని చోట నుంచి, దానిపైనున్న లేబుల్‌ను చింపక, తడియనీయక కాపాడవలెను. చెడిన బట్టలలో ఒక్కదానిని మాత్రము చికిత్సకు తీసికొని, తక్కినవానిని ఉన్నవి ఉన్నట్లుగనే మడిచి పెట్టవలెను. ఇస్త్రీ చేయరాదు, ఏలయన వేడికి కొన్ని మరకలు బట్టను మరింత పట్టుకొనును. మనలో చాలమంది మచ్చ కనబడగానే బ్లీచింగు నీటిలో ముంచుదురు. అదియు చేయరాదు. నీటిలో కరగియుండి కంటికి కనబడని ఇనుమును బ్లీచింగు త్రుప్పుగా మార్చి బట్టపై దింపును. అప్పుడు ఉన్న మచ్చ ఏదో, మనము తెచ్చుకొన్న మచ్చ ఏదో ఎవరికిని తెలియకుండ పోవును.

జాబు వ్రాయుటకు పూర్వము మచ్చ ఎక్కడిదో తేల్చుకొనవలెను. కంపెనీవారు మొట్టమొదట చెప్పు మాట "మీ నీరు మంచిది కాదు" అనునదే. ఆ మాటకు మన యొద్ద జవాబు లేనిచో ఎంత కోపముతో వ్రాసినను జాబు నిలువదు.

మచ్చ యున్న చోటే సగము కథ చెప్పును. మెడపట్టీయొద్దను చంకలయందును పసుపైనచో అది చెమటవలన వచ్చినది. బట్టయంతయు ఒక్కరీతిగా పాలిపోయి గోధుమవన్నె తిరిగినచో నీటిలోని ఇనుమును అనుమానింపవలెను. అట్టి బోరునీరు తోడినప్పుడు తేటగానే యుండును. తెల్లని పళ్లెములోనో గాజుగ్లాసులోనో రాత్రి పోసియుంచి ఉదయమున చూచినచో అడుగున ఎఱ్ఱని మడ్డి కనబడును. జీడిపరిశ్రమలో పనిచేయువారి యింట మరియొక అనుమానము కలుగవచ్చును గాని, జీడిపిక్క తొక్కనూనె మరక పసుపు కాదు, నల్లనిగోధుమ రంగుది. పలాస ప్రాంతపు స్త్రీలకు దానిని వేరుగా చెప్పనక్కరలేదు. ఇక మచ్చలు ఒకచోట మందముగా, అంచులయందు పలుచగా, ఏదో ద్రవము ఒలికిన ఆకారముతో ఉన్నచో, మందు పడిన చోటనే మచ్చ పడినదని తలపవలెను. మన సోదరి బట్టలపై నున్నవి ఇట్టివే. మెడపట్టీలపై కూడ ఉన్నవి గాని, దుప్పటి నడుమ కూడ అరచేతులంతేసి ఉన్నవట. దుప్పటి నడుమకు చంకలు లేవు గదా!

సందర్భము వచ్చినది గావున ఒక పాతకథ చెప్పెదము. ఒకప్పుడు తెల్లబట్టలకు పెట్టు నీలిమందులలో కొన్నిటిని ప్రష్యను నీలి యను పదార్థముతో చేసెడివారు. అది ఇనుముతో కూడిన రంగు. సబ్బులోని క్షారము బట్టనుండి పూర్తిగా పోకమునుపే ఆ నీలి పెట్టినచో, నీలివన్నె విరిగి ఇనుము విడివడి, బట్టపై త్రుప్పుచుక్కలు పడెడివి. చాకలిని తిట్టిన యిల్లాండ్రు ఎందరో! తప్పు చాకలిది కాదు, రెండు మందుల పొత్తుది. క్రొత్త మందులకును ఇట్టి గుణములు ఉండుట వింత కాదు.

లిక్విడ్‌లోని గుణమేదన, ఇట్టి మందులు చాలవానిలో మురికి తీయు పదార్థముతోపాటు బట్టను తెల్లగా "కనబరచు" పదార్థము కూడ కలుపుదురు. అది మురికిని తీయదు. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములను గ్రహించి నీలికాంతిగా మరల విడుచును. ఆ నీలికాంతి బట్టలోని పసుపుదనమును కప్పివేయును గావున, బట్ట మల్లెపూవువలె తోచును. ఇది నూలుబట్టను రంగువలె పట్టుకొనును, ఒక్క జాడింపుతో వదలదు. బకెట్ నీటిలో కలిపినప్పుడు బట్టయంతటికిని సమముగా, అతిస్వల్పముగా అంటును. చిక్కని మందును పొడిబట్టపై నేరుగా పోసినప్పుడు మాత్రము ఆ ఒక్కచోటనే ఎన్నోరెట్లు ఎక్కువగా పట్టును. తక్కువ ఉన్నప్పుడు తెల్లదనము నిచ్చు ఆ వస్తువే, మితిమీరినప్పుడు ఆకుపచ్చ కలిసిన పసుపుగా కనబడును. దానితో కూడ సరిగా జాడింపబడని మందు జిగురు బట్టలోనే నిలిచి ఎండలో ముదురును.

ఇది కనిపెట్టుట కష్టము కాదు. పెద్ద అంగళ్లలోను బ్యాంకులలోను నోట్లు మంచివో కావో చూచు ఊదారంగు దీపముండును. చీకటిచోట ఆ దీపముక్రింద బట్ట నుంచినచో, ఇనుపమచ్చ నల్లబడి కనబడును. లిక్విడ్ మచ్చ చుట్టునున్న బట్టకంటె వేరుగా, ఆకుపచ్చగనో అధికమైన వెలుగుతోనో మెరయును. దీపమును కంటితో నేరుగా చూడరాదు. దీపము దొరకనివారు చికిత్సకని వేరుచేసిన బట్ట అంచున నున్న ఒక చిన్నమచ్చపై నిమ్మరసము, ఉప్పు రాచి అరగంట యుంచి చూడవచ్చును. త్రుప్పైనచో పలుచబడును. మరియొక మచ్చను వేడినీటిలో తడిపి రెండు చేతులతో నలిపినప్పుడు నురుగు వచ్చి, నీరు జారుడుగా తోచినచో మందు బట్టలోనే మిగిలియున్నదని అర్థము.

అయినను ఈ గుర్తులన్నియు మనకు నమ్మకము కలిగించుటకే గాని ఎదుటివాని నోరు మూయుటకు చాలవు. దానికి మేము ఆ సోదరికి చెప్పిన పరీక్ష ఇది. పాత తెల్లపంచె నొకదానిని నాలుగు ముక్కలు చేసి, అంచులయందు చెరగని సిరాతో 1, 2, 3, 4 అని వ్రాయవలెను. మొదటి ముక్కను ఇంటి బోరునీటితో, ఇదివరకు వాడుచుండిన సబ్బుతో ఉతుకవలెను. రెండవదానిని అదే బోరునీటిలో క్రొత్త లిక్విడ్‌ను మూతతో కొలిచి కలిపి ఉతుకవలెను. మూడవ ముక్కపై లిక్విడ్‌ను నేరుగా పోసి పది నిమిషములుంచి, బోరునీటితో గాక వేరొక నీటితో ఉతుకవలెను. నాలుగవదానిపై అట్లే పోసి, బోరునీటితోనే ఉతుకవలెను. అన్నిటిని రెండేసి మార్లు జాడించి ఒకే తీగపై, ఒకే ఎండలో ఆరవేయవలెను.

వేరొక నీరు ఎక్కడిదన్న చింత ఆమెకు లేకపోయినది. ఆమె పుట్టినిల్లు పలాసకు దగ్గరి పల్లె. ఉద్దానపు గ్రామములకు హిరమండలం జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా తెచ్చు పథకము 2023 డిసెంబరులో ప్రారంభమైనది. ఆ కుళాయినీటిని తమ్ముడు రెండు క్యానులతో రైలులో తెచ్చియిచ్చినాడు. అట్టి సౌకర్యము లేనివారు వాననీటిని పట్టి వాడుకొనవచ్చును.

ఫలితము ఇట్లున్నది. ఒకటవ ముక్క, రెండవ ముక్క తెల్లగనే యున్నవి. మూడవదానిపైనను నాలుగవదానిపైనను పసుపు మరకలు పడినవి. వారము దినముల పిదప మరల చేసినను అంతే. బోరునీటిదే దోషమైనచో మొదటి రెండు ముక్కలు కూడ చెడవలెను, వంశధార నీటితో ఉతికిన మూడవది చెడరాదు. చెడిన రెంటికి సామాన్యమైనది ఒక్కటే, మందును నేరుగా పోయుట. అప్పుడామె సీసా వెనుకవైపునున్న సన్నని యక్షరములను చదివి మాకు వ్రాసి పంపినారు. "మెడపట్టీలపైనను మొండిమరకలపైనను నేరుగా పోసి పది నిమిషములు ఉంచవలెను" అని అందున్నది. తెల్లబట్టల విషయమున జాగ్రత్తయని గాని, మొదట మూలను పరీక్షింపుడని గాని లేదు. ఆమె కంపెనీవారు చెప్పినట్లే చేసినారు. దుప్పటి నడుమ కూర చిందిన మరకలుండుటచే అక్కడను పోసినారట. ఈ మాట తెలిసిన నాటినుండి అత్తగారు మౌనము వహించినారని కూడ వ్రాసినారు. ఆ మౌనమును మేము క్షమాపణగానే లెక్కింతుము.

ఇట్టి గుడ్డముక్కల సాక్ష్యమునకు ఎంత బలమో తెలియగోరువారికి ఐరోపాఖండపు సంగతి యొకటి చెప్పవచ్చును. 1994 సంవత్సరమున యూనిలీవరు కంపెనీవారు మాంగనీసు చేర్చిన క్రొత్త చలువపొడి నొకదానిని పెర్సిల్ పవర్ అను పేర విడుదల చేసిరి. కొన్ని ఉతుకులకే బట్టలు బలము తగ్గి చినుగుచున్నవని పోటీదారులైన ప్రాక్టర్ అండ్ గాంబిల్ వారు ఉతికిన బట్టల చిత్రములతో సహా ప్రకటించిరి. యూనిలీవరువారు మొదట ఒప్పుకొనలేదు. పిదప మాంగనీసు తగ్గించిరి, 1995 మొదటిలో ఆ సరుకునే బజారునుండి తప్పించిరి. అంత పెద్ద వ్యాపారులు కూడ తర్కమునకు లొంగలేదు గాని, ప్రక్కప్రక్కన నుంచిన గుడ్డలకు లొంగిరి.

మన దేశమున చట్టము కూడ ఈ విషయమున స్త్రీలు తెలిసికొనదగినంత స్పష్టముగా నున్నది. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులోనికి వచ్చినది. సరుకులో లోపముండుట మాత్రమే గాక, సరియైన వాడుకకు తగిన సూచనలు గాని, తప్పు వాడుకను గూర్చిన హెచ్చరిక గాని లేకపోవుటవలన నష్టము కలిగినచో, తయారు చేసినవారు బాధ్యులగుదురని దాని 84వ విభాగము చెప్పుచున్నది. ఆ నష్టములో ఇతర వస్తువులకు కలిగిన చెరుపు కూడ చేరును. కనుక మందు మంచిదే యైనను, దానిపై వ్రాసిన మాట బట్టలను చెరచినచో అడుగుటకు హక్కున్నది. మన సోదరి జాబు నిలుచునది ఈ అంశముపైననే. "మీ మందు విషము, మీరు మోసగాండ్రు" అని వ్రాసినచో నిరూపింపవలసిన భారము మనపై పడును. "మీరు చెప్పినట్లు చేసితిని, ఇది జరిగినది" అన్నచో బదులు చెప్పవలసిన భారము వారిది.

ఆమె తయారు చేసిన జాబును, పేర్లు తీసివేసి, కొంత సవరించి క్రింద ప్రకటించుచున్నాము.

"అయ్యా,
తమ కంపెనీవారి బట్టలుతుకు లిక్విడ్ ఒక లీటరు సీసాను ఆగష్టు 30వ తేదీన మా యూరి అంగడిలో రూ. 210 లకు కొంటిని. బిల్లు నకలును, సీసాపైనున్న బ్యాచి సంఖ్య, తయారైన నెల కనబడు ఛాయాచిత్రమును జతపరచితిని. సెప్టెంబరు 2వ తేదీన ఆరు తెల్లని నూలుబట్టలపై, లేబుల్‌లో చెప్పిన ప్రకారము, మరకలున్న చోట్ల నేరుగా పోసి పది నిమిషములుంచి, చేతితో ఉతికి, రెండు మార్లు జాడించితిని. బ్లీచింగు గాని నీలి గాని వేరొక సబ్బు గాని వాడలేదు. ఆరిన పిదప మందు పోసిన చోట్లనే పసుపు మచ్చలు పడినవి. ఒక బట్టను మూడుమార్లు వేడినీటితో మరల ఉతికినను పూర్తిగా పోలేదు. తక్కిన అయిదింటిని ముట్టలేదు.

నీటివలన నని తాము తలపకుండుటకై ఒకే పంచె ముక్కలు నాలుగింటిని పరీక్షించితిని. వివరములును చిత్రములును జతపరచితిని. నీరు మార్చినను నేరుగా పోసినచోట మచ్చ పడినది. నీరు మార్చకున్నను కలిపి వాడినచో పడలేదు. తెల్లబట్టలపై నేరుగా పోయరాదని గాని, ముందు మూలను పరీక్షింపవలెనని గాని తమ లేబుల్‌పై లేదు.

పంచెలు మూడు ఒక సంవత్సరము క్రిందట ఒక్కొక్కటి రూ. 600 లకు కొన్నవి. మూడేండ్లు వచ్చునవి గావున ఒక్కొక్కదానికి రూ. 400 చొప్పున రూ. 1,200. బడిచొక్కాలు రెండు జూన్‌లో ఒక్కొక్కటి రూ. 400 లకు కొన్నవి. సంవత్సరములో మూడు నెలలు వాడితిమి గావున రూ. 300 చొప్పున రూ. 600. దుప్పటి రూ. 900 లది, సగము కాలము వాడినది, రూ. 450. సీసా వెల రూ. 210. వెరసి రూ. 2,460 చెల్లింప గోరుచున్నాను. లేబుల్‌పై తగిన హెచ్చరిక చేర్పవలసినదిగా కూడ కోరుచున్నాను. బట్టలును, సగము మిగిలిన సీసాయును నా యొద్ద భద్రముగా నున్నవి. తమ మనుష్యుడు వచ్చి చూడవచ్చును. ఈ జాబు అందిన పదునైదు దినములలో బదులు వ్రాయగలరు."

ఈ జాబులో మేము మెచ్చినది లెక్క. వాడిన బట్టకు క్రొత్తబట్ట వెల అడిగినచో కంపెనీవాడు నవ్వును, న్యాయాధికారి కూడ తగ్గించును. ఎన్నాళ్లు వచ్చునది, ఎన్నాళ్లు వాడితిమి అని తీసివేసి అడిగినచో ఆ అంకెను కదల్చుట కష్టము. బట్టల బిల్లులు ఎవరింటను ఉండవు. కొన్న నెల, అంగడి, వెల గుర్తున్నంతవరకు వ్రాసిన చాలును. లేనిది కల్పింపరాదు.

జాబు ఎవరికి పంపవలెనను సంశయము వలదు. పొట్లముపై అమ్ము ప్రతి సరుకునకు, ఫిర్యాదులు స్వీకరించువారి పేరు, చిరునామా, టెలిఫోను సంఖ్య, ఈ-మెయిల్ ముద్రింపవలెనని 2011 సంవత్సరపు తూనికలు కొలతల నియమములలో నున్నది. సీసాపై వెదకినచో దొరకును. ఈ-మెయిల్‌లో పంపి, అదే జాబును స్పీడ్ పోస్టులో కూడ పంపి రసీదు దాచవలెను. టెలిఫోనులో మాట్లాడిన మాటకు సాక్ష్యము లేదు గావున, మాట్లాడినను తేదీ, వేళ, వారిచ్చిన ఫిర్యాదు సంఖ్య కాగితముపై వ్రాసికొనవలెను.

మన సోదరికి పదునొకండవ దినమున బదులు వచ్చినది. మేమూహించినట్లే, "తమ ప్రాంతపు నీటి కఠినత్వమువలన నై యుండును, సుహృద్భావముతో ఒక సీసా ఉచితముగా పంపెదము" అని. రెండవ సీసా ఆమెకు దేనికి? మూడవ ముక్కను వంశధార నీటితో ఉతికిన సంగతిని చూపి, తన కోరిక మారలేదని ఆమె రెండు వాక్యములలో తిరిగి వ్రాసినారు. అంతట బట్టలను పరీక్షకు పంపుడని వారడిగినారు. పంపవచ్చును గాని అన్నియు పంపరాదు. ఒక పంచె, ఒక చొక్కా చాలును. చిన్నసీసాలో కొంత మందును పోసి యిచ్చి, మూలసీసాను లేబుల్‌తో కూడ ఇంటనే యుంచవలెను. తీసికొన్న మనిషిచేత ఏమేమి తీసికొన్నాడో వ్రాయించి చేవ్రాలు పెట్టించుకొనవలెను. ఆమె అట్లే చేసినారు. వారి పరీక్షాఫలితము ఈ సంచిక అచ్చునకు పోవునప్పటికి ఇంకను రాలేదు.

ఆ ఫలితము ప్రతికూలముగా వచ్చినను దారి మూసికొని పోదు. 1915 అను జాతీయ సహాయ టెలిఫోనుకు చెప్పినచో వారు కంపెనీతో మధ్యవర్తిత్వము జరుపుదురు. దానికి రుసుము లేదు. అదియు ఫలింపనిచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. పూర్వపు 1986 చట్టములో ఎదుటివారు వ్యాపారము చేయుచోటనో, తగవు పుట్టినచోటనో దాఖలు చేయవలసియుండెడిది. ఇప్పుడు మనము నివసించు జిల్లాలోనే చేయవచ్చును గావున ఆమె శ్రీకాకుళమునకు పోయిన చాలును. అయిదు లక్షల రూపాయల విలువ వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనక తానే చెప్పుకొనవచ్చును. వినిన పిదప అవసరమనుకొన్నచో కమిషనువారే మందు నమూనాను ముద్రవేయించి ప్రయోగశాలకు పంపుదురు. ప్రయోగశాలవారు నలుబదియైదు దినములలో నివేదిక ఇయ్యవలెను. కారణము పుట్టిన రెండు సంవత్సరములలోపల దాఖలు చేయవలెను గావున తొందర లేదు, గాని సీసాలోని మందు అంతకాలము మారకుండునని చెప్పలేము. నమూనా ఎంత త్వరగా ముద్ర పడిన అంత మేలు.

చికిత్సకు తీసిన ఆ యొక్క పంచె సంగతి కొందరు అడుగుదురు. సబ్బు లేకుండ, బట్ట ఓర్చునంత వేడినీటిలో గంటసేపు నానవేసి, నలిపి, నురుగు పూర్తిగా ఆగువరకు నీరు మార్చుచు జాడించుటయే మొదటి పని. దానితో జిగురు పోవును, మచ్చ సగము తగ్గును. వెలుగునిచ్చు పదార్థము మిగిలిన మేర, పై ఉతుకులలో బట్టను నీటిలో కలిపిన సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయుచుండగా క్రమముగా పలుచబడును. మన సోదరి పంచె నాలుగు ఉతుకుల పిదప ఇంటిలో కట్టుకొనుటకు పనికివచ్చినది గాని, పెండ్లికి కట్టుకొనిపోవునంత తెల్లగా రాలేదట. మిగిలిన సగము సీసాలోనిది కమిషనుకో కంపెనీకో అవసరము తీరిన పిదప, బకెట్ నీటిలో మూతకొలతగా కలిపి రంగుబట్టలకు వాడుకొనవచ్చును.